ప్రభువు నేర్పిన ప్రార్థన: ఒక్కో మనవి అర్థం తెలిసి పలకడం ఎలా

ఆదివారం ఆరాధనలో, గృహకూడికల చివర, సమాధి దగ్గర, కొత్త ఇంటి ప్రతిష్ఠలో అందరూ కలిసి పలికే ప్రార్థన ఇది. అర నిమిషంలో అయిపోతుంది. సండే స్కూల్లో కంఠస్థం చేసింది కాబట్టి నోరు దాని దారిన అది పోతుంది, మనసు పొయ్యి మీద పెట్టిన పాల దగ్గర ఉంటుంది. "ఏ మాటకు ఏమి అర్థం, ఏ మాట దగ్గర ఏమి అడగాలి?" అని శ్రీకాకుళం, విజయనగరం వైపు సంఘాల వాళ్ళు తరచుగా అడుగుతున్న ప్రశ్నకు జవాబు వరుసగా ఇక్కడ ఉంది.

ముందే ఒక మాట. ఇందులో ఉన్నవి స్తుతి వాక్యాలు కావు, మనవులు. మొదటి మూడు కూడా మనవులే. ఈ ఒక్కటి గుర్తుంటే సగం తికమక పోతుంది.

1. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవలసినవి

బైబిలులో మత్తయి సువార్త 6వ అధ్యాయం తెరిచి, 9 నుంచి 13 వరకు కాకుండా 5 నుంచి 15 వరకు చదవండి. ప్రార్థనకు ముందున్న మాటలు ఎలా ప్రార్థించకూడదో చెబుతాయి: నలుగురూ చూడాలని వద్దు, మాటలు పెంచుకుంటూ పోవద్దు. వెనకున్న రెండు వచనాలు ఒకే ఒక్క మనవిని తిరిగి ఎత్తి వివరిస్తాయి. అది క్షమాపణ గురించినది. ఏడు మనవుల్లో వివరణ దొరికింది దానికొక్కదానికే కాబట్టి, ఇక్కడ కూడా దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

లూకా 11వ అధ్యాయంలో ఇదే ప్రార్థన ఇంకొంచెం పొట్టిగా ఉంది. మత్తయిలో అర్థం కాని చోట లూకా వైపు చూస్తే చాలాసార్లు ముడి విడిపోతుంది.

సిద్ధం చేసుకోవలసినవి:

- మీ సంఘంలో పలికే పాఠం. బాప్టిస్టు సంఘాల్లో "నీ నామము పరిశుద్ధపరచబడు గాక" అంటారు, కతోలిక సంఘాల్లో "మీ నామము పూజింపబడును గాక" అంటారు. అర్థంలో తేడా లేదు, మీకు అలవాటైనదే ఉంచుకోండి.
- ఒక కాగితం. పిలుపుకు ఒక వరుస, మనవులకు ఏడు వరుసలు, ఒక్కోదాని కింద రెండు వేళ్ళ ఖాళీ వదిలి రాయండి.
- పావుగంట సమయం. పొద్దున్న పనికి పోకముందైతే మేలు. ఆహారం గురించిన మనవి "నేడు" అంటుంది, రోజు అయిపోయాక దాన్ని అడగడం కొంచెం వింతగా ఉంటుంది.

చివరి రెండు వాక్యాలను (శోధన, కీడు) కొందరు ఒకే మనవిగా కలిపి ఆరు అని లెక్కపెడతారు. ఏడన్నా ఆరన్నా తప్పు లేదు.

2. పిలుపు: "పరలోకమందున్న మా తండ్రీ"

ఇక్కడ ఇంకా ఏమీ అడగలేదు. ఎవరితో మాట్లాడుతున్నామో స్థిరపరచుకుంటున్నాం, అంతే. "తండ్రీ" దగ్గరితనం, "పరలోకమందున్న" అధికారం. రెంటిలో ఏది జారిపోయినా ప్రార్థన పక్కకు ఒరిగిపోతుంది. దగ్గరితనం ఒక్కటే ఉంటే గారాబం చేసి అడుగుతాం, అధికారం ఒక్కటే ఉంటే కచేరీలో అర్జీ పెట్టినట్టు బిగుసుకుపోతాం.

ప్రార్థన మొత్తంలో "నా" అనే మాట ఒక్కసారి కూడా రాదు. తలుపు వేసుకుని ఒంటరిగా చేయమన్న ప్రార్థనలో కూడా "మా" అనే ఉంది. కాబట్టి ఇక్కడ ఒక్క క్షణం ఆగి, ఈ రోజు ఆ "మా"లో మీతోపాటు ఎవరున్నారో ఇద్దరి ముగ్గురి పేర్లు అనుకోండి. తర్వాతి మనవులన్నీ వాళ్ళ తరపున కూడా.

తాగి వచ్చి కొట్టే తండ్రి ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళకు ఈ పిలుపే గొంతుకు అడ్డం పడుతుంది. వాళ్ళు తమ తండ్రి బొమ్మను దేవునికి అంటగట్టనక్కరలేదు. లూకా 15లో, దూరంగా ఉన్న కొడుకును చూసి పరుగెత్తిన తండ్రి కథను ముందు చదివి, ఆ తండ్రిని తలచుకుని పిలవవచ్చు.

3. మొదటి మూడు మనవులు: నీ నామము, నీ రాజ్యము, నీ చిత్తము

"పరిశుద్ధపరచబడు గాక." దేవుని పేరు ఇప్పటికే పరిశుద్ధం కదా, మళ్ళీ ఎందుకు అడగాలి? జవాబు యెహెజ్కేలు 36వ అధ్యాయంలో ఉంది. దేవుని పేరు పెట్టుకున్న జనం నడవడి వల్ల ఆ పేరు అన్యజనుల మధ్య దూషణ పాలైంది, నేనే దాన్ని పరిశుద్ధపరచుకుంటాను అంటాడు దేవుడు అక్కడ. అంటే పేరుకు మచ్చ తెస్తున్నది దాన్ని మోసేవాళ్ళే. మన ఊళ్ళో లెక్క చెప్పాలంటే, బండి మీద వాక్యం రాయించుకుని కిరాయి దగ్గర మోసం చేస్తే చెడేది బండివాడి పేరు ఒక్కటే కాదు. ఈ మనవి దగ్గర అడగవలసింది: ఈ రోజు నా వల్ల నీ పేరు చెడకుండా చూడు.

"నీ రాజ్యము వచ్చుగాక." చాలామంది దీన్ని "మమ్మల్ని పరలోకానికి తీసుకుపో" అని మనసులో తిప్పుకుంటారు. వాక్యం దిశ అది కాదు. మనం పోవడం గురించి కాదు, ఆయన ఏలుబడి ఇటు రావడం గురించి. ఎక్కడ రావాలో పేరు పెట్టి అడగండి: మా వీధిలో, మా సంఘ కమిటీలో, మా ఇంటి వంటగదిలో.

"నీ చిత్తము పరలోకమందు నెరవేరుచున్నట్లు భూమియందును నెరవేరును గాక." ఎక్కువగా పెడదారి పట్టేది ఈ మూడోదే. ఏదైనా చెడు జరగగానే "దేవుని చిత్తం" అని దండం పెట్టేయడం అలవాటు. హెల్మెట్ లేకుండా హైవే ఎక్కిన కుర్రాడు పోతే దేవుని చిత్తం అంటారు, వైద్యం ఆలస్యమై తల్లి పోతే దేవుని చిత్తం అంటారు. కానీ ఆయన చిత్తం భూమ్మీద ఎలాగూ జరిగిపోతూ ఉంటే, "నెరవేరును గాక" అని రోజూ అడగమని ఎందుకు నేర్పుతాడు? పరలోకంలో జరుగుతున్నట్టు ఇక్కడ ఇంకా జరగడం లేదు కాబట్టే ఈ మనవి ఉంది. ఇది చేతులు ముడుచుకునే మాట కాదు.

మరి లొంగిపోవడం అనేది లేనే లేదా? ఉంది. గెత్సేమనేలో యేసు ఇదే మాట పలికాడు (మత్తయి 26:42). అయితే ఆయన ముందుగా తనకేం కావాలో దాచకుండా చెప్పాడు: ఈ గిన్నె నా నుంచి తొలగిపోనీ. ఆ తర్వాతే నీ చిత్తం అన్నాడు. మీరూ ఆ వరుసే పాటించండి. ముందు మీ కోరిక చెప్పండి, తర్వాత ఆయన చేతికి వదలండి. కోరిక చెప్పకుండా నేరుగా "నీ చిత్తం" అనేస్తే అది భక్తిలా కనిపించే నిరాశ కావచ్చు.

4. నాలుగో మనవి: "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము"

ఇక్కడి నుంచి మన అవసరాలు. "ఆహారం అంటే వాక్యమే, తిండి కాదు" అని బోధించేవాళ్ళున్నారు. వాక్యమూ ఆహారమే కావచ్చు, కానీ తిండిని ఇందులోంచి తీసేసే హక్కు ఎవరికీ లేదు. చోడి అంబలి, అన్నం, పప్పు, దాంతోపాటు ఆ పూట బతకడానికి కావలసిన మందు, కూలి, వాన, అన్నీ ఇందులోకి వస్తాయి.

కొలత మాత్రం గమనించండి. అడిగేది ఈ రోజుకు. దీని వెనక నిర్గమకాండము 16లోని మన్నా ఉంది. ఏ రోజుది ఆ రోజు ఏరుకోవాలి, తెల్లారేదాకా దాచింది పురుగు పట్టింది. విశ్రాంతి దినానికి ముందు రోజు మాత్రం రెండింతలు ఏరుకోమన్నాడు, అది పాడవలేదు. అంటే ముందుచూపు పాపం కాదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలల కోసం మత్స్యకార కుటుంబం ముందే బియ్యం, నాలుగు డబ్బులు వెనకేసుకుంటే ఈ మనవికి విరుద్ధం కాదు. విరుద్ధమైంది, గాదె నిండాక కూడా భయంతో పోగేయడం, లేదా నిండింది కదా ఇక అడిగేదేముంది అనుకోవడం.

జీతం నెలకోసారి బ్యాంకులో పడేవాళ్ళకు ఈ మాట పలకడం కష్టం. పొద్దున్నే కూలీల అడ్డా దగ్గర నిలబడి, ఎవరైనా పిలుస్తారా అని చూసేవాడికి దీని అర్థం ఎవరూ విప్పి చెప్పక్కరలేదు. నెల జీతగాడు ఏం చేయాలి? "మాకు" దగ్గర ఆగాలి. మీ ఇంట్లో డబ్బా నిండుగా ఉంటే, ఈ మనవి ఆ రోజు పని దొరకని ఇంటి కోసం అవుతుంది. ఆ ఇంటి పేరు తెలిస్తే, దేవుడు మీ చేతుల మీదుగా జవాబు ఇవ్వడానికి సిద్ధపడే ఆ పేరు ఎత్తండి.

సరిచూసుకోండి:

- అడిగింది అవసరమా, పక్కవాడికున్నదా? సామెతలు 30:8 పేదరికమూ వద్దు, ఐశ్వర్యమూ వద్దు, తగినంత ఆహారం చాలంటుంది.
- నేటిదా, వచ్చే ఏటి దిగులా?
- "మాకు"లో మీ గుమ్మం దాటి ఒక్కరైనా ఉన్నారా?

5. ఐదో మనవి: "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము"

ప్రార్థన మొత్తంలో మన వంతు పని చెప్పి అడిగే మనవి ఇదొక్కటే. అందుకే దీన్ని నెమ్మదిగా విప్పాలి.

ముందు, ఋణం అంటే ఏమిటి? లూకా ఇదే చోట "మా పాపములను క్షమించుము" అంటాడు, మత్తయి 6:14 "అపరాధములు" అంటుంది. కాబట్టి ఇది ముఖ్యంగా ఒకరికొకరు చేసుకున్న తప్పుల బాకీ. చేబదులు ఇచ్చిన ప్రతి ప్రోనోటూ చించేయమని ఇందులో ఆజ్ఞ లేదు. అయితే బాకీదారుణ్ణి సంతలో పట్టుకుని నలుగురిలో పరువు తీసే హక్కు ఉందనుకుంటే మాత్రం మత్తయి 18:23 నుంచి చదవాలి.

ఆ ఉపమానంలో రాజు దగ్గర బాకీ మాఫీ చేయించుకున్న దాసుడు, తనకు బాకీ ఉన్న తోటి దాసుణ్ణి మాత్రం వదలడు. అందులోని లెక్క మన కూలి లెక్కలోకి మార్చి చూడండి. దేనారం ఒక రోజు కూలి. తలాంతు దాదాపు ఆరు వేల దేనారాలు. రోజు కూలి 500 రూపాయలు అనుకుందాం. తోటి దాసుడు ఇవ్వవలసిన నూరు దేనారాలు 50,000 రూపాయలు. అది చిన్న మొత్తమేమీ కాదు, మూడు నెలలకు పైగా కష్టం. కానీ రాజు మొదటి దాసుడికి వదిలేసిన పదివేల తలాంతులు 3,000 కోట్లు. ఏడాదికి 300 రోజుల చొప్పున పనిచేస్తే రెండు లక్షల ఏళ్ళు తీర్చాలి. అంతా మాఫీ చేయించుకుని బయటికొచ్చి, 50,000 కోసం తోటివాడి గొంతు పట్టుకున్నాడు.

వరుస చూడండి. రాజు ముందు క్షమించాడు. కాబట్టి మన క్షమాపణ దేవునికి కట్టే రుసుము కాదు. మాఫీ పొందినవాడు తన చేతిలోని పత్రాన్ని బిగించి పట్టుకున్నాడంటే, తనకు దొరికింది ఏమిటో అతనికి తెలియలేదన్నమాట.

ఇప్పుడు ఒక ఉదాహరణను చివరిదాకా నడిపిద్దాం. అన్నదమ్ముల గట్టు తగాదా అనుకోండి. అన్న గట్టును రెండు మూరలు తమ్ముడి మడిలోకి జరిపి దున్నేశాడు. అడిగితే పెద్దమనుషుల ముందు "వీడు అబద్ధాలకోరు" అన్నాడు. రెండు పంటల నుంచి మాటల్లేవు. తమ్ముడు రోజూ ఈ ప్రార్థన పలుకుతున్నాడు. ఐదో మనవి దగ్గర అతను చేయవలసినవి ఇవి.

1) బాకీకి పేరు పెట్టాలి. "అన్న మీద కోపం" అంటే చాలదు. ఇక్కడ రెండు బాకీలున్నాయి: నేల ఒకటి, పరువు ఒకటి. చాలాసార్లు మంట నేల గురించి అనుకుంటాం, నిజానికి అది "అబద్ధాలకోరు" అన్న మాట దగ్గర ఉంటుంది.

2) తగ్గించకూడదు. "పోనీలే, పెద్ద విషయమా" అనుకుంటే అక్కడ క్షమించడానికి ఏమీ మిగలదు. తప్పు తప్పే అని దేవుని ముందు చెప్పాకే దాన్ని వదలడం కుదురుతుంది.

3) వదిలేది ఏమిటో తేల్చుకోవాలి. అన్న పంట పాడవ్వాలన్న కోరిక, టీ కొట్టు దగ్గర ఆ కథ మళ్ళీ మళ్ళీ చెప్పడం, ఇంట్లో శుభకార్యానికి పిలవకుండా కసి తీర్చుకోవాలన్న పథకం. ఈ మూడూ పేరుపేరునా వదలాలి.

4) వదలనక్కరలేనిది కూడా తేల్చుకోవాలి. సర్వేయరుతో కొలిపించి రాళ్ళు పాతించుకోవడం క్షమాపణకు అడ్డు కాదు. సహోదరుడు తప్పు చేస్తే గద్దించమని, మారుమనస్సు పొందితే క్షమించమని లూకా 17:3 చెబుతుంది. పరీక్ష ఒక్కటే: కొలత మన వైపు తేలిన రోజు, గట్టు దొరికిందన్న తృప్తి ఎక్కువా, అన్న తల దించుకున్నాడన్న సంతోషం ఎక్కువా? రెండోదైతే మూడో మెట్టుకు మళ్ళీ దిగాలి.

5) మర్నాడు కోపం తిరిగొస్తే బెంబేలు పడకూడదు. ఆ మడి పక్క నుంచి నడిచినప్పుడల్లా వస్తుంది. నిన్న క్షమించింది అబద్ధం కాదు. ఈ ప్రార్థన రోజువారీది కావడానికి ఇదీ ఒక కారణం, ఆహారంలాగే ఇదీ నేటిది నేడే.

మాటలు కలవడం వేరే సంగతి. దానికి ఇద్దరూ కావాలి. తమ్ముడు క్షమించినా అన్న గుమ్మం దిగకపోవచ్చు. ఆ బాధ్యత తమ్ముడిది కాదు.

ఇంకో హెచ్చరిక. భర్త కొడుతుంటే, "క్షమించి కాపరానికి పో" అని ఈ వచనం చూపించి ఆడవాళ్ళను వెనక్కి పంపే పెద్దలు ఉన్నారు. ఈ మనవిలో ఆ మాట లేదు. క్షమించడమంటే పగను వదలడం, దెబ్బలకు మళ్ళీ ఒళ్ళు అప్పజెప్పడం కాదు. పోలీసులకు చెప్పడం, పుట్టింట్లో ఉండడం క్షమించకపోవడం కిందకు రావు.

6. ఆరు, ఏడు మనవులు: "మమ్మును శోధనలోకి తేక, కీడునుండి మమ్మును తప్పించుము"

"దేవుడు మనల్ని శోధనలోకి తెస్తాడా?" అన్నది పిల్లలు అడిగే మొదటి ప్రశ్న. యాకోబు 1:13 సూటిగా చెబుతుంది, దేవుడు ఎవనినీ కీడు విషయమై శోధించడు. మరి ఈ మనవి? ఎలా అర్థం చేసుకోవాలో యేసే గెత్సేమనేలో చూపించాడు: శోధనలో ప్రవేశించకుండునట్లు మెలకువగా ఉండి ప్రార్థన చేయండి, ఆత్మ సిద్ధమే గాని శరీరం బలహీనం (మత్తయి 26:41). శిష్యులు నిద్రపోయారు, తెల్లారకముందే పేతురు బొంకాడు. అంటే ఈ మనవి దేవుని మీద అనుమానం కాదు, మన బలం మీద మనకున్న సరైన అంచనా: మేము ఆగలేని చోటికి మమ్మల్ని పోనివ్వకు.

కాబట్టి మీ చోటేమిటో తెలిసి ఉండాలి. జీతం పడిన సాయంత్రం బ్రాందీ షాపు ఉన్న దారా? రాత్రి ఒంటరిగా చేతిలో ఫోనా? సంఘం సొమ్ము ఇంట్లో ఉంచుకోవడమా? పేరు పెట్టి అడిగాక, ఆ దారిన పోకుండా వేరే దారి పట్టడం కూడా ప్రార్థనలో భాగమే. అడిగి, అటే నడిస్తే అర్థం లేదు.

చివరి మాట కొందరి బైబిళ్ళలో "దుష్టునినుండి" అని ఉంటుంది, ఆరాధనలో "కీడునుండి" అంటారు. మూలం రెంటికీ ఒప్పుతుంది. దయ్యాల భయం ఎక్కువున్నవాళ్ళు "కీడు" అని, లోకంలో చెడు అంతా మనుషుల పొరపాటే అనుకునేవాళ్ళు "దుష్టుడు" అని ఓసారి పలికి చూస్తే ఇద్దరికీ మేలు.

7. "రాజ్యము, బలము, మహిమ" ఎక్కడ పలకాలి

ఈ ముగింపు పాత చేతిరాత ప్రతుల్లో కనిపించదు, లూకాలో అసలే లేదు. తొలి సంఘాలు ఆరాధనలో ఇలాంటి ముగింపు చేర్చి పలికాయి. అందుకే కొన్ని ముద్రణల్లో అది అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. బాప్టిస్టు ఆరాధనలో ప్రార్థనతో కలిపి పలుకుతారు. కతోలిక పూజలో మధ్యలో గురువు ఒక చిన్న ప్రార్థన చెప్పాక వస్తుంది. జపమాలలో పలకరు. కతోలికుల ఇంట్లో చావుకు వెళ్ళిన బాప్టిస్టులు అందరూ "ఆమెన్" అన్నాక కూడా గట్టిగా కొనసాగించి నాలిక కరుచుకోవడం మామూలే. "కీడునుండి" దగ్గర ఒక్క ఊపిరి ఆగి చూస్తే సరిపోతుంది.

8. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

- ఊపిరి తీయకుండా పలకడం. మనవికి ఒక ఊపిరి చొప్పున ఆగండి. ఇంట్లో పలికేటప్పుడు ఒక్కో మనవి తర్వాత దాని మీద సొంత మాటల్లో ఒకే వాక్యం చేర్చండి.
- సొంత వాక్యం పదిగా పెరగడం. ఆరో అధ్యాయం వద్దన్నదే అది. ఒకటి దాటితే మర్నాటికి ఉంచండి.
- నేరుగా ఆహారం దగ్గర మొదలుపెట్టడం. అవసరం తొందరపెట్టినా మొదటి మూడూ దాటకండి. అవి పలికాక అడిగే జాబితా తరచుగా పొట్టిదవుతుంది.
- ఐదో మనవి దగ్గర గొంతు తగ్గించి జారుకోవడం. ఒకరి పేరు నోట రాకపోతే, "క్షమించాను" అని అబద్ధమాడకండి. "క్షమించాలని ఉంది, చేతకావడం లేదు" అని చెప్పి ముందుకు సాగండి.
- జ్వరం తగ్గాలని, పరీక్ష పాసవ్వాలని మంత్రంలా ఇన్నిసార్లు అని లెక్కపెట్టడం. ఆ అవసరం ఏ మనవి కిందకు వస్తుందో చూసి, అక్కడ ఒక్కసారి చెప్పండి. జ్వరం "నేడు మాకు" దగ్గరికి, పరీక్షలో కాపీ కొట్టాలన్న ఆలోచన "శోధన" దగ్గరికి.
- పిల్లలకు ఒకేసారి అంతా నేర్పడం. వారానికి ఒక మనవి చొప్పున, పిలుపుతో కలిపి ఎనిమిది వారాలు పెట్టుకోండి. ఐదోదానికి ఇంకో వారం అదనంగా తీసుకోండి, పెద్దలకైనా సరే.